అప్రెంటిస్ అయిపోయింది, మరి ఎన్‌ఏసీ వచ్చిందా?

ఐటీఐ పూర్తయ్యాక ఏదో ఒక ఫ్యాక్టరీలోనో, రైల్వే వర్క్‌షాప్‌లోనో ఏడాదిపాటు అప్రెంటిస్ చేసినవాళ్లకు చివరి రోజున ఒక కాగితం ఇస్తారు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫిట్టర్ ట్రేడ్‌లో శిక్షణ పూర్తి చేశాడు, నడవడిక బాగుంది అని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉంటుంది. కింద మేనేజర్ సంతకం, సీలు. చాలామంది దాన్ని ల్యామినేషన్ చేయించి బీరువాలో దాచుకుంటారు. రైల్వే నోటిఫికేషన్‌లో ‘కోర్స్ కంప్లీటెడ్ యాక్ట్ అప్రెంటిస్’ అన్న మాట చూడగానే ధైర్యంగా అప్లై చేస్తారు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ కాగితం బల్ల మీద పెడితే, ఇది కాదు, ఎన్‌ఏసీ ఏది అని అడుగుతారు.

కంపెనీ ఇచ్చిన కాగితం మీరు అక్కడ శిక్షణ తీసుకున్నారని మాత్రమే చెబుతుంది. దేశంలో ఎక్కడైనా చెల్లే అర్హత నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. అందరూ ఎన్‌ఏసీ అంటారు. అది ఏ కంపెనీ తనంతట తాను ఇవ్వగలిగేది కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, శిక్షణ కాలం పూర్తి చేసిన ట్రేడ్ అప్రెంటిస్ జాతీయ స్థాయి పరీక్ష రాసి పాసైతేనే ఆ సర్టిఫికెట్ వస్తుంది. ఆ పరీక్ష పేరు ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్, పొట్టిగా ఏఐటీటీ. నిర్వహించేది కేంద్ర ప్రభుత్వంలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్, అంటే డీజీటీ.

2014లో చట్టాన్ని సవరించినప్పుడు, పరీక్షకు హాజరు కావాలి అని ఉన్నదాన్ని హాజరు కావచ్చు అని మార్చారు. దాంతో మీరు పరీక్ష రాయకపోయినా కంపెనీకి పట్టింపు లేదు. గుర్తుపెట్టుకుని వెంటపడాల్సింది మీరే. ఈ పని శిక్షణ అయిపోయాక మొదలుపెట్టేది అనుకుంటారు గానీ, నిజానికి చేరిన మొదటి నెలలోనే సగం తేలిపోతుంది. అందుకే అక్కడి నుంచి చెబుతాను.

ముందు మీరు ఏ రకం అప్రెంటిసో తెలుసుకోండి

మీ కాంట్రాక్ట్ కాపీ తీసి, అందులో ట్రేడ్ అన్న చోట ఏం రాశారో చూడండి. నోటితో ఎవరు ఏం చెప్పారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్ లాంటివి ప్రభుత్వం ప్రకటించిన డిజిగ్నేటెడ్ ట్రేడ్లు. వీటిలో చేసినవాళ్లకే డీజీటీ పెట్టే ఏఐటీటీ ఉంటుంది. వీటితో పాటు, కంపెనీలు తమ అవసరాన్ని బట్టి తయారు చేసుకున్న ఆప్షనల్ ట్రేడ్లు కూడా ఉన్నాయి. వాటిలో పరీక్ష, సర్టిఫికెట్ వ్యవహారం మామూలుగా ఆ రంగానికి చెందిన సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ద్వారా నడుస్తుంది. అదీ నిజమైన సర్టిఫికెటే, ప్రైవేటు ఉద్యోగాలకు పనికొస్తుంది. కానీ ఫిట్టర్ ట్రేడ్‌లో జాతీయ వృత్తి శిక్షణ మండలి ఎన్‌సీవీటీ ఇచ్చిన ఎన్‌ఏసీ కావాలి అని అడిగే నోటిఫికేషన్‌కు అది సరిపోదు.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఐటీఐ ఫిట్టర్ పాసైన కుర్రాడిని తీసుకుంటారు, ఫిట్టర్ పనే చేయిస్తారు, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో మాత్రం ఏదో ఆపరేటర్ పేరున్న ఆప్షనల్ ట్రేడ్ కింద నమోదు చేస్తారు. స్టైపెండ్ నెలనెలా పడుతుంటుంది కాబట్టి అతనికి అనుమానం రాదు. ఏడాది తర్వాత ఏఐటీటీ హాల్ టికెట్ కోసం వెతికితే పేరే ఉండదు. అప్పుడు ట్రేడ్ మార్చమంటే కుదరదు, ఎందుకంటే శిక్షణ కాలం ఆ ట్రేడ్ కింద ఖర్చయిపోయింది. చేరేటప్పుడే అడగండి: “సార్, నా కాంట్రాక్ట్ డిజిగ్నేటెడ్ ట్రేడ్‌లోనే వేస్తున్నారా?” అలా వేయరని తెలిస్తే, మీకు ప్రభుత్వ రంగ ఉద్యోగం మీద ఆశ ఉంటే, నా సలహా వేరే చోటు చూసుకోమనే.

డిప్లొమా, ఇంజినీరింగ్ చదివినవాళ్ల దారి వేరు. వాళ్లు టెక్నీషియన్, గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌ల కిందికి వస్తారు. మన దక్షిణాదికి చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ వాళ్లకు సర్టిఫికెట్ ఇస్తుంది. వాళ్లకు ఏఐటీటీ లేదు. ఈ వ్యాసం ఐటీఐ వాళ్ల గురించి.

మొదటి నెలలో చేయాల్సింది

apprenticeshipindia.gov.in లో మీ లాగిన్ మీ చేతిలో ఉండాలి. కంపెనీలో ఒకరు అందరికీ కలిపి రిజిస్ట్రేషన్ చేసేసి, తన ఫోన్ నంబరో మెయిలో ఇచ్చేస్తుంటారు. తర్వాత ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఓటీపీ ఎవరికి పోతుందో తెలియదు. మీ నంబరు, మీ మెయిల్ ఇవ్వండి. పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ ముగిసేదాకా ఆ సిమ్ మార్చకండి.

లాగిన్ అయ్యాక మీ కాంట్రాక్ట్ తెరిచి నాలుగు విషయాలు చూడండి: పేరు, పుట్టిన తేదీ, ట్రేడ్, కాంట్రాక్ట్ మొదలయ్యే, ముగిసే తేదీలు. కాంట్రాక్ట్ అసలు కనిపించకపోతే, మీరు చట్టం దృష్టిలో అప్రెంటిస్ కానట్టే. రిజిస్టర్‌లో సంతకం పెడుతున్నాం, డబ్బులు వస్తున్నాయి అన్నది సరిపోదు. వారం పది రోజుల్లో కాంట్రాక్ట్ నమోదు చేయమని హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి.

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. పదో తరగతి మెమోలో బండి రాము అని ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఐటీఐ సర్టిఫికెట్‌లో బి. రాము. ఆధార్‌లో రాము బండి. మనకు ముగ్గురూ ఒకరేనని తెలుసు, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమోను ఆధారంగా తీసుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోవడం మంచిది, ఎందుకంటే పుట్టిన తేదీకి, పేరుకు రేపు ఏ ఉద్యోగంలోనైనా ముందు చూసేది దాన్నే. ఆధార్ సవరణ మీసేవలోనో, ఏపీలోనైతే సచివాలయంలోనో అడగండి. అది అయ్యాకే పోర్టల్ ప్రొఫైల్‌లో మార్పు చేయించండి. ఎన్‌ఏసీ ప్రింట్ అయ్యాక ఇదే పనికి నెలలు పడుతుంది.

తేదీల లెక్క

ఏఐటీటీ ప్రతి విడతకూ డీజీటీ ఒక గడువు ప్రకటిస్తుంది. ఆ తేదీకల్లా శిక్షణ పూర్తయినవాళ్లే ఆ విడత రాయాలి. ఈ చిన్న నియమం వల్ల ఎంత నష్టం జరుగుతుందో నాకు బాగా తెలిసిన ఒక ఫిట్టర్ విషయంలో చూశాను.

అతను హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో జూలై 24న చేరాడు. ఏడాది శిక్షణ. అంటే తన లెక్క ప్రకారం మరుసటి ఏడు జూలై 23కి అయిపోవాలి. కంపెనీవాళ్లు పని ఒత్తిడిలో కాంట్రాక్ట్‌ను వెంటనే పోర్టల్‌లో పెట్టలేదు. నమోదయ్యేసరికి ఆగస్టు 6 వచ్చింది. దాంతో పోర్టల్ లెక్కలో శిక్షణ ముగిసేది మరుసటి ఏడు ఆగస్టు 5న. ఆ విడత పరీక్షకు గడువు జూలై 31. అతను ఏడాది పైన పని చేసి కూడా ఐదు రోజుల తేడాతో ఆ విడతకు దూరమయ్యాడు. తర్వాతి విడత దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా ఒక రైల్వే నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోయింది.

అతను చేరిన వారంలో లాగిన్ తెరిచి చూసి ఉంటే, కాంట్రాక్ట్ ఇంకా లేదని తెలిసేది. అప్పుడే పట్టుబట్టి ఉంటే, జూలై చివరి రోజుల్లోనే నమోదయ్యేది. తర్వాత ఎవరినీ అనడానికి లేకుండా పోయింది, ఎందుకంటే పోర్టల్ తప్పేమీ చేయలేదు, తనకు ఇచ్చిన తేదీనే చూపించింది.

శిక్షణ మధ్యలో మానేయడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంకోచోట ఎక్కువ డబ్బులిస్తామన్నారని తొమ్మిది నెలలకు వెళ్లిపోతే, ఆ తొమ్మిది నెలలు పరీక్షకు పనికిరావు. ఎక్కువ రోజులు సెలవు పెట్టినా, కొన్ని చోట్ల ఆ రోజుల మేరకు శిక్షణ పొడిగిస్తారు. అప్పుడు పైన చెప్పిన గడువు మళ్లీ దాటిపోతుంది. లాగ్ బుక్ రాయడం, పైన సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకోవడం వాయిదా వేయకండి. హాజరు మీద తేడా వస్తే మీ వైపు నిలబడే ఆధారం అదొక్కటే.

ముగింపు వారంలో

చివరి రోజు కంపెనీ ఇచ్చే శిక్షణ పూర్తయిన కాగితం తప్పకుండా తీసుకోండి. దానిలోని తేదీలు పోర్టల్‌లోని తేదీలతో ఒకటిగా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఆ తర్వాత పోర్టల్‌లో మీ కాంట్రాక్ట్ పూర్తయినట్టు చూపిస్తోందా అని చూడండి. రద్దయినట్టు గానీ, ఇంకా నడుస్తున్నట్టు గానీ ఉంటే మీ పేరు పరీక్ష జాబితాలోకి రాదు. దాన్ని సరిచేయాల్సింది కంపెనీ లాగిన్ నుంచి. గేటు దాటి బయటికి వచ్చాక ఆ మార్పు చేయించడం చాలా కష్టం, కాబట్టి నో డ్యూస్ సంతకాలు తిరిగే రోజే ఇదీ అడిగేయండి.

కంపెనీ స్పందించకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఒకే రాష్ట్రంలో నడిచే ప్రైవేటు కంపెనీ అయితే రాష్ట్ర ప్రభుత్వం వైపు అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ ఉంటారు. మీ జిల్లా ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడిగితే ఎవరిని కలవాలో చెబుతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలైతే, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే పెద్ద కంపెనీలైతే కేంద్రం పరిధిలోకి వస్తాయి. వాటికి హైదరాబాద్‌లో ఆర్‌డీఎస్‌డీఈ అనే ప్రాంతీయ కార్యాలయం ఉంది. చట్టం 20వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్ట్ మీద వచ్చిన ఏ వివాదాన్నయినా అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు పంపవచ్చు. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీల్‌కు వెళ్లవచ్చు. అర్జీలో కథ రాయకండి. రిజిస్ట్రేషన్ నంబరు, కాంట్రాక్ట్ నంబరు, ఏ తేదీ తప్పుగా ఉంది, ఎలా ఉండాలి, దానికి ఆధారం ఏమిటి, ఇంతే. కాపీ మీద రసీదు స్టాంపు వేయించుకోండి.

పరీక్ష

హాల్ టికెట్ పోర్టల్‌లోనే వస్తుంది. మెయిల్ వస్తుందని, కంపెనీ ఫోన్ చేస్తుందని కూర్చోకండి. శిక్షణ ముగిసిన నాటి నుంచి వారానికోసారి పోర్టల్‌లోను, డీజీటీ వెబ్‌సైట్‌లోను ప్రకటనలు చూస్తూ ఉండండి. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేయగానే పేరు, ట్రేడ్, ఫొటో చూసుకోండి.

థియరీ కంప్యూటర్ మీద, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతిలో ఉంటుంది. ట్రేడ్ థియరీతో పాటు వర్క్‌షాప్ లెక్కలు, డ్రాయింగ్, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ కూడా వస్తాయి. ఏడాదంతా చేత్తో పని చేసినవాళ్లు జారేది లెక్కల దగ్గర. ఉదాహరణకు ఎం10 ట్యాప్ వేయాలంటే డ్రిల్ సైజు ఎంత అని అడుగుతారు. షాప్‌లో రోజూ 8.5 డ్రిల్ తీసుకుని వేసేస్తారు గానీ, కారణం గుర్తుండదు. బయటి కొలత 10, పిచ్ 1.5, పదిలోంచి ఒకటిన్నర తీసేస్తే 8.5. ఇది తెలిసినవాడికి ఎం8, పిచ్ 1.25 ఇచ్చినా 6.75 అని చెప్పేయవచ్చు. ఐటీఐ పుస్తకాలు అమ్మేసి ఉంటే పాత ప్రశ్నపత్రాలైనా సంపాదించి చేయండి.

ప్రాక్టికల్‌లో పాస్ కావడానికి కావాల్సిన మార్కులు థియరీ కంటే ఎక్కువ. ఫిట్టర్‌కు మామూలుగా ఎంఎస్ ఫ్లాట్ ముక్కలు, డ్రాయింగ్ ఇచ్చి ఒకదానిలో ఒకటి కూర్చునే జాబ్ చేయమంటారు. ఫిట్టర్ సిలబస్‌లో టీ ఫిట్, డోవ్‌టెయిల్ లాంటివాటికి ప్లస్ ఆర్ మైనస్ 0.04 మిల్లీమీటర్ల దాకా కచ్చితత్వం అడుగుతారు. ఫ్యాక్టరీలో మెషీన్ల మరమ్మతు మీద ఉన్న అబ్బాయి ఏడాది పాటు ఫైల్ పట్టుకోకపోయి ఉండొచ్చు. అలాంటివాళ్లు పరీక్షకు కనీసం నెల ముందు, తాము చదివిన ఐటీఐకి వెళ్లి ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి వైస్ దగ్గర నిలబడాలి. చాలామంది కాదనరు.

జాబ్ చేసేటప్పుడు ముందు రెండు అంచులను ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీలకు తెచ్చి, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తి చూడండి. మధ్యలోంచి సన్నని వెలుగు గీత కనిపిస్తే ఇంకా ఫైలింగ్ కావాలి. ఆ రెండు అంచులు కుదరకుండా మార్కింగ్ మొదలుపెడితే తర్వాత గీసే ప్రతి గీతా ఆ తప్పునే మోస్తుంది. లోపలి మూలల్లో రిలీఫ్ హోల్ వేయకుండా హ్యాక్సాతో కోసేసినా, మూలలో మిగిలిన మెటల్ వల్ల రెండో ముక్క లోపలికి దిగదు. అప్పుడు కంగారులో మగ ముక్కను ఫైల్ చేసేస్తారు, అది లూజైపోతుంది. ఒక ముక్కను కొలతకు పూర్తి చేసి, ఇక దాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని మాత్రమే దానికి సరిపోయేలా ఫైల్ చేస్తే ఈ టెన్షన్ ఉండదు. గీతకు కాస్త బయటగా కోసి, మిగిలింది ఫైల్‌తో తీయండి. గీత మీదే కోస్తే సరిచేసుకోవడానికి మెటల్ మిగలదు.

తప్పితే మళ్లీ రాసే అవకాశం ఉంటుంది. తర్వాతి విడత ప్రకటనలో పాత అభ్యర్థుల గురించి ఏం రాశారో, ఫీజు ఎంతో, ఏ తేదీలోపు కట్టాలో చూసుకోండి. పేరు దానంతట అదే వస్తుందని అనుకోవద్దు.

సర్టిఫికెట్ వచ్చాక

ఎన్‌ఏసీని పోర్టల్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చేయగానే దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి, తెర మీద వచ్చే వివరాలు, కాగితం మీదివి ఒకటేనో కాదో చూడండి. పేరులో అక్షరం తేడా ఉంటే, ఉద్యోగం వచ్చినప్పుడు చూద్దాంలే అని వదలకండి. పదో తరగతి మెమో, ఆధార్, ఐటీఐ సర్టిఫికెట్, కాంట్రాక్ట్ కాపీలు జత చేసి వెంటనే అర్జీ పెట్టండి.

ఇప్పుడు దీన్ని ఎక్కడ వాడాలి? ఐటీఐలో వచ్చిన నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అంటే ఎన్‌టీసీకి, దీనికి తేడా ఉంది, రెండూ కలిపి చూపించాలి. రైల్వే లెవల్-1 ఉద్యోగాల్లో, రైల్వే సంస్థల్లోనే అప్రెంటిస్ చేసి ఎన్‌ఏసీ పొందినవాళ్లకు 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. బయటి కంపెనీలో చేసినవాళ్లు ఆ 20 శాతంలోకి రారు, కానీ అర్హత కింద ఎన్‌ఏసీ చెల్లుతుంది. ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునేవాళ్లు చేసే సీఐటీఎస్ కోర్సుకు కూడా ఎన్‌ఏసీతో వెళ్లవచ్చు. ఎన్‌సీవీటీ స్థానంలో ఎన్‌సీవీఈటీ అనే కొత్త సంస్థ వచ్చినా, నోటిఫికేషన్లలో ఇప్పటికీ పాత పేరే కనిపిస్తుంది. దానికి కంగారు పడకండి.

దరఖాస్తు చివరి తేదీనాటికి ఎన్‌ఏసీ మీ చేతిలో ఉండాలి. పరీక్ష రాశాను, రిజల్ట్ రావాలి అంటే రైల్వే బోర్డులు ఒప్పుకోవు. ఫలితం ఆగస్టులో వచ్చి, దరఖాస్తు గడువు జూలైలో ముగిసి ఉంటే, ఆ దరఖాస్తులో ఎన్‌ఏసీ ఉన్నట్టు టిక్ పెట్టకండి. పదో తరగతితోనో, ఐటీఐతోనో అర్హత ఉంటే ఆ అర్హత మీదే వేయండి. లేని సర్టిఫికెట్ చూపినట్టు టిక్ పెట్టి రాతపరీక్షలో నెగ్గి, చివర్లో పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఏళ్ల కిందట చేసి, పరీక్ష రాయనివాళ్లు

పాత కాంట్రాక్ట్ నంబరు ఉంటే దారి ఉంది. ముందుగా పోర్టల్‌లో పాత లాగిన్ తెరవడానికి ప్రయత్నించండి. నంబరు మారిపోయి తెరుచుకోకపోతే, కాంట్రాక్ట్ కాపీ, కంపెనీ కాగితం, స్టైపెండ్ పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసుకుని పైన చెప్పిన కార్యాలయానికి స్వయంగా వెళ్లండి. ఏ విడతలో మిమ్మల్ని చేర్చవచ్చో వాళ్లే చూడాలి. కంపెనీ మూతబడి ఉంటే ఆ బ్యాంక్ స్టేట్‌మెంట్ విలువ ఇంకా పెరుగుతుంది.

కాంట్రాక్టే లేకుండా ఏళ్ల తరబడి షాప్‌లో పని నేర్చుకున్నవాళ్లు ఎన్‌ఏసీకి అర్హులు కారు. కంపెనీ ఎంత బాగా రాసిచ్చినా ఆ కాగితాన్ని ఎన్‌ఏసీగా మార్చే పద్ధతి లేదు. ఎవరైనా ఐదారు వేలు తీసుకుని మార్చి ఇస్తామంటే నమ్మకండి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన రోజు కేసు మీ మీదే పడుతుంది. వీళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, అనుభవం ఉన్న కార్మికులను ప్రైవేటు అభ్యర్థులుగా ఐటీఐ ట్రేడ్ పరీక్షకు అనుమతించే నోటిఫికేషన్లు డీజీటీ ఇచ్చినప్పుడు, ప్రభుత్వ ఐటీఐ ద్వారా దరఖాస్తు చేసుకుని ఎన్‌టీసీ తెచ్చుకోవడం. రెండోది, ఇప్పటికే నేర్చుకున్న పనిని గుర్తించడానికి ఆర్‌పీఎల్ పేరుతో జరిగే నైపుణ్య పరీక్ష. ఆర్‌పీఎల్ త్వరగా అవుతుంది, కానీ ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్లలో ఎన్‌టీసీకి, ఎన్‌ఏసీకి ఉన్న బరువు దానికి లేదు. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే మొదటి దారికోసం ఆగడం మేలు. ఏ ట్రేడ్లకు, ఎంత అనుభవం అడుగుతున్నారో తెలుసుకోవడానికి ప్రభుత్వ ఐటీఐ నోటీసు బోర్డును చూస్తూ ఉండండి, అనుభవానికి రుజువుగా పీఎఫ్ లేదా ఈఎస్‌ఐ రికార్డులు ఇప్పటినుంచే జాగ్రత్త చేయండి.